లీజు బండిని గడువుకు ముందే తిరిగిచ్చేయాలంటే: లెక్క సరిచూసుకోవడం, బాకీ లేదన్న కాగితం రాబట్టడం

నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల పని జోరుగా ఉన్నప్పుడు చాలామంది జేసీబీలు తీసుకున్నారు. కొందరు లోను మీద, కొందరు లీజు మీద. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక కొత్త గుంట తవ్వించే రైతు వెనకాడాడు. బండి షెడ్డులో ఉన్నా నెల తిరిగేసరికి బాడుగ మాత్రం కట్టాల్సిందే. అలాంటప్పుడు లీజు మధ్యలోనే బండి తిరిగిచ్చేయడం తప్పు నిర్ణయమేమీ కాదు. అయితే కంపెనీ మొదట పంపే లెక్కను ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే లక్షల్లో నష్టపోతారు. ఆ లెక్కను వరసలు విడదీసి ఎలా చూడాలో, ఆ తర్వాత నో డ్యూస్ లెటర్ ఎలా అడగాలో ఒక జేసీబీ లీజును ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

ముందు మీది లీజా, లోనా తేల్చుకోండి

మన దగ్గర రెండింటినీ "ఫైనాన్స్" అనేస్తాం, నెలనెలా కట్టేదాన్ని కిస్తీ అనేస్తాం. కానీ ముందే ముగించే పద్ధతి రెండింటికీ వేరు. తేడా కనిపెట్టడం తేలికే. నెలనెలా కట్టే మొత్తం మీద జీఎస్టీ వేసి ఇన్వాయిస్ పంపుతుంటే అది లీజు. కిస్తీలో అసలు, వడ్డీ విడివిడిగా చూపించి, జీఎస్టీ లేకుండా ఉంటే అది లోను.

ఇది తేల్చుకోకపోతే చర్చ దారి తప్పుతుంది. ముందస్తు చెల్లింపు ఛార్జీల మీద రిజర్వ్ బ్యాంకు 2025 జూలైలో ఇచ్చిన ఆదేశాలు ఫ్లోటింగ్ వడ్డీ లోన్లకు సంబంధించినవి, అదీ 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యూవల్ అయిన వాటికి. "ఛార్జీలు వేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది కదా" అని లీజు కంపెనీతో వాదిస్తే ఆ వాదన అక్కడే ఆగిపోతుంది. లీజుకు ఆధారం మీరు సంతకం పెట్టిన ఒప్పందమే.

ఒప్పందంలో రెండు క్లాజులు పక్కపక్కన పెట్టి చదవండి

చాలా లీజు ఒప్పందాల్లో ముగింపు గురించి రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, మీరంతట మీరు నోటీసిచ్చి ముగించుకోవడం. రెండోది, బాడుగ ఎగ్గొడితే కంపెనీ ముగించడం. రెండో దాంట్లో ఛార్జీలు ఎక్కువ: మిగిలిన బాడుగలన్నీ ఒకేసారి, ఆలస్య రుసుము, బండిని పట్టుకుపోయే ఖర్చు, యార్డు అద్దె.

అందుకే పని లేదు కదా అని బాడుగ ఆపేసి, ఆ తర్వాత మాట్లాడదామనుకోవద్దు. రెండు నెలలు బౌన్స్ అయితే మీరు మొదటి క్లాజు నుంచి రెండో క్లాజులోకి జారిపోతారు. ఆ రెండు నెలలు మిగిలిన డబ్బుకంటే ఆ జారుడుకయ్యే ఖర్చే పెద్దది. అప్పు చేసైనా లెక్క తేలేదాకా బాడుగ నడపండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నేను చూసిన లెక్కల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరిగింది.

మొదటి క్లాజులో చూడాల్సినవి నాలుగు. ముగించుకోవడానికి వీల్లేని లాక్-ఇన్ కాలం ఎన్ని నెలలు, అది దాటిందా? నోటీసు గడువు ఎన్ని రోజులు? మిగిలిన బాడుగలను ఏ రేటున తగ్గించి లెక్కగడతారు? బండి అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలో జమ అవుతుంది? చివరి రెండింటి మీదే అసలు సొమ్ము ఆధారపడి ఉంటుంది. చాలామంది మాత్రం మూడు శాతం ఫీజును రెండు శాతం చేయమని బతిమాలుతూ ఉంటారు.

లెక్క కాగితం మీద వచ్చేదాకా తాళాలు ఇవ్వొద్దు

బ్రాంచి మేనేజరు "బండి యార్డులో పెట్టేయండి సార్, లెక్క తర్వాత చూసుకుందాం" అంటాడు. ఆ మాటకు బండి దించేస్తే, మీ చేతిలో ఉన్న ఒక్క బలమూ పోతుంది. ముందుగా కంపెనీ మెయిల్‌కూ, ఒప్పందంలో ఇచ్చిన హెడ్డాఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులోనూ ఒకే ఉత్తరం పంపండి. ఒప్పందం నంబరు, బండి నంబరు, ఫలానా క్లాజు కింద ఫలానా తేదీకి ముగించాలనుకుంటున్నానని రాసి, ఆ తేదీకి లెక్క వివరంగా పంపమని అడగండి. మొత్తం ఎంతో చెబితే సరిపోదు. మిగిలిన బాడుగలు, తగ్గింపు రేటు, లీజు చివర్లో బండికి ఉంటుందని ఒప్పందంలో వేసుకున్న మిగులు విలువ, బండి ధర, ఫీజు, జీఎస్టీ, డిపాజిట్, పాత బకాయిలు ఒక్కొక్కటీ వేరే వరసలో ఉండాలని రాయండి. పోస్టు రసీదు దాచుకోండి. నోటీసు గడువు ఏ రోజున మొదలైందో రేపు నిరూపించేది అదే.

ఉదాహరణ: 30 నెలలు కట్టిన జేసీబీ

అంకెలు నేను వేసుకున్నవే కానీ, లెక్క నడిచే తీరు నిజమైనదే. జీఎస్టీ కాకుండా 30 లక్షల బండి. లీజు 48 నెలలు. నెల బాడుగ 69,200 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. చివర్లో బండికి మిగులు విలువ 6 లక్షలు. డిపాజిట్ 3 లక్షలు. 30 బాడుగలు కట్టాక, మిగిలిన 18 నెలలు వద్దనుకున్నారు.

కంపెనీ నుంచి వచ్చిన మొదటి లెక్క ఇలా ఉంది. మిగిలిన 18 బాడుగలు 12,45,600. మిగులు విలువ 6,00,000. రెండూ కలిపి 18,45,600. బండికి అంచనా ధర 13 లక్షలు తీసేస్తే 5,45,600. ముగింపు ఫీజు 18,45,600 మీద 3 శాతం, అంటే 55,368. ఈ రెంటి మీద జీఎస్టీ 1,08,174. ఎప్పుడో రెండు సార్లు బౌన్స్ అయినందుకు 2,000, దాని మీద జీఎస్టీ 360. కట్టాల్సింది 7,11,502 రూపాయలు.

ఈ కాగితంలో కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పులున్నది వరసల్లో.

మొదటిది, రాబోయే బాడుగలను ఈ రోజు విలువకు తగ్గించలేదు. బాడుగలో కంపెనీకి వచ్చే వడ్డీ కలిసి ఉంటుంది. ఏడాదిన్నర తర్వాత రావాల్సిన డబ్బు ఈ రోజే చేతికొస్తే ఆ ఏడాదిన్నర వడ్డీ అడిగే హక్కు ఎక్కడిది? ఒప్పందంలో వడ్డీ రేటు రాయకపోయినా మనమే కనుక్కోవచ్చు. ఎక్సెల్‌లో ఈ సూత్రం వేయండి:

```
=RATE(48,-69200,3000000,-600000)
```

నెలకు 1 శాతం వస్తుంది, అంటే ఏడాదికి 12. ఇప్పుడు అదే రేటుతో మిగిలిన 18 బాడుగలు, చివరి 6 లక్షలు కలిపి ఈ రోజు విలువ ఎంతో చూడండి:

```
=PV(1%,18,-69200,-600000)
```

వచ్చేది 16,36,370. కంపెనీ చూపిన 18,45,600కు ఇది 2,09,230 తక్కువ. ఫీజు మూడు శాతమా రెండు శాతమా అన్న బేరంలో తేలేది పద్దెనిమిది వేలు. ఇక్కడ తేడా రెండు లక్షలు.

ఒప్పందంలో వేరే తగ్గింపు రేటు రాసి ఉంటే దాన్నే వాడాలి. అసలు తగ్గింపే లేదని రాసి ఉంటే? అప్పుడూ చేతులెత్తేయాల్సిన పని లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో జరిమానా మొత్తం రాసి ఉన్నా, న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. రాసిన మొత్తం దానికి పైహద్దు మాత్రమే. బండి వెనక్కి తీసుకుని, దాన్ని అమ్మిన లేక వేరేవాళ్లకి బాడుగకిచ్చిన కంపెనీకి మిగిలిన బాడుగలు పూర్తిగా నష్టమయ్యాయని చూపించడం కష్టం. ఉత్తరంలో ఈ సెక్షను మర్యాదగా ప్రస్తావిస్తే చాలు, లెక్క బ్రాంచి చేతిలోంచి హెడ్డాఫీసు లీగల్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది. తగ్గింపు గురించి మాట్లాడే అధికారం ఉండేది అక్కడే.

రెండోది, బండి ధర. 13 లక్షలన్నది కంపెనీ వాల్యుయర్ వేసిన అంచనా. అంచనాను జమ చేయడానికి ఒప్పుకోవద్దు. అమ్మిన ధర జమ చేయాలి. నెల్లూరు, ఒంగోలు వైపు పాత జేసీబీలు కొనేవాళ్లు ఉంటారు. కనీసం ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా కొటేషన్ తెచ్చి కంపెనీకి పంపండి. మన ఉదాహరణలో ఒకాయన 15 లక్షలకు ముందుకొచ్చాడు. అమ్మకం ఖర్చులు 40,000 పోగా 14,60,000 జమ కావాలి. ఖర్చులకూ బిల్లులు అడగండి.

మూడోది జీఎస్టీ. గడువుకు ముందే లీజు ముగించుకోనిచ్చినందుకు ఒప్పందం ప్రకారం తీసుకునే మొత్తం మీద జీఎస్టీ పడుతుందని 2022 ఆగస్టు 3 నాటి 178వ సర్క్యులర్ చెబుతోంది. కాబట్టి ముగింపు ఫీజు మీద జీఎస్టీ వద్దని వాదించకండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్వాయిస్ మీ నంబరు మీద తీసుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వచ్చే వీలుంటుంది. కానీ అదే సర్క్యులర్ చెక్కు బౌన్స్ జరిమానా మీద జీఎస్టీ లేదని చెప్పింది. ఆ 360 చిన్న మొత్తమే, అయినా తీయించండి. సర్క్యులర్ చదివిన మనిషి లెక్క చూస్తున్నాడని వాళ్లకు తెలియడం మిగతా వరసలకు పనికొస్తుంది.

నాలుగోది, డిపాజిట్. ఆ కాగితంలో 3 లక్షల డిపాజిట్ ఊసే లేదు. "అది వేరే ఖాతా సార్, క్లోజ్ అయ్యాక రీఫండ్ వస్తుంది" అంటారు. ఒకే లెక్కలో తీసేయమని పట్టుబట్టండి. ముందు మీరు ఏడు లక్షలు కట్టి, ఆ తర్వాత మూడు లక్షల కోసం తిరగడం ఎందుకు?

ఇప్పుడు సరిచేసిన లెక్క. 16,36,370 నుంచి 14,60,000 తీసేస్తే 1,76,370. ఫీజు 16,36,370 మీద 3 శాతం, 49,091. రెండూ 2,25,461. జీఎస్టీ 40,583తో 2,66,044. బౌన్స్ 2,000 కలిపి 2,68,044. డిపాజిట్ 3,00,000లోంచి అది పోతే, కంపెనీయే మీకు 31,956 తిరిగివ్వాలి.

పాత బకాయి అని కనిపించే రెండు వరసలు

టీడీఎస్ కోసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. యంత్రం బాడుగ మీద మీరు 2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టినా, కంపెనీ పుస్తకంలో ఆ నెల బాడుగ 1,384 తక్కువ వచ్చినట్టే నిలిచిపోతుంది. 30 నెలలకు 41,520. టీడీఎస్ సర్టిఫికెట్లు ఇవ్వకపోతే అది బకాయిగా చివరి లెక్కలో తేలుతుంది. అన్ని త్రైమాసికాల సర్టిఫికెట్లూ ముందే పంపండి.

రెండోది గంటల మీటరు. కొన్ని ఒప్పందాల్లో మొత్తం లీజుకు ఇన్ని గంటలని పరిమితి ఉంటుంది. 48 నెలలకు 8,000 గంటలైతే 30 నెలలకు వాటా 5,000. మీటరు 4,640 చూపిస్తే అదనపు గంటల ఛార్జీకి తావే లేదు. 5,300 చూపిస్తే 300 గంటలకే ఛార్జీ. వాళ్లు ఏ అంకెతో పోల్చారో అడగండి.

బండి అప్పగించే రోజు

లెక్క రాతలో కుదిరాకే బండి దించండి. ఆ రోజు పగటి వెలుతురులో బండి చుట్టూ వీడియో తీయండి: గంటల మీటరు, ఛాసిస్ నంబరు, నాలుగు టైర్లు, బకెట్ పళ్లు, హైడ్రాలిక్ పైపులు, బ్యాటరీ. వాడకంతో వచ్చే అరుగుదలకు డబ్బులడగకూడదు. విరిగిన అద్దానికి, వంగిన బూమ్‌కు అడగొచ్చు. తర్వాత యార్డులో ఏదో పోయిందని బిల్లు వస్తే ఈ వీడియోనే మీకు దన్ను.

అప్పగింత రసీదులో తేదీతో పాటు సమయం కూడా రాయించండి. మోటారు వాహనాల చట్టంలో లీజు బండికి సంబంధించి, ఒప్పందం కింద ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లే యజమాని. మీరు మధ్యాహ్నం రెండింటికి దించిన బండి సాయంత్రం యార్డుకు వెళ్తూ ఎవరినైనా గుద్దితే, ఆ రసీదు మీద ఉన్న గంటే మీ పక్షాన నిలబడుతుంది. ఆ రోజుకు ఇన్సూరెన్స్ అమల్లో ఉందో లేదో చూసుకోండి. ఈ-చలానాలు echallan.parivahan.gov.in లో చూసి, మీ కాలంలో పడినవి కట్టేసి రసీదులు అతికించండి.

ఆర్సీలో పేరు

బండి మీ పేరున రిజిస్టరై, ఆర్సీలో లీజు నమోదై ఉంటే బండి ఇచ్చేసినంత మాత్రాన మీ పేరు పోదు. కంపెనీ పేరుకో, కొన్నవాళ్ల పేరుకో ఫారం 29, 30 మీద బదిలీ జరగాలి. బదిలీ సంగతిని అమ్మినవాళ్లు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలి. ఇది వదిలేయకండి. బండి చేతులు మారినా రికార్డుల్లో ఉన్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

బండి తిరిగివ్వకుండా మీరే మిగులు విలువ కట్టి ఉంచుకుంటే దారి వేరు. అప్పుడు కావాల్సింది ఫారం 35. దాని మీద కంపెనీ, మీరు ఇద్దరూ సంతకం పెట్టాలి. దాంతో ఆర్సీలోంచి లీజు నమోదు తీసేస్తారు. కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ మీద చెల్లుబాటు తేదీ ఉందేమో చూడండి. అది దాటిపోతే మళ్లీ అడుక్కోవాలి.

నో డ్యూస్ లెటర్‌లో ఏ మాటలుండాలి

డబ్బు కట్టిన రసీదు నో డ్యూస్ కాదు. జీరో బ్యాలెన్స్ చూపించే స్టేట్‌మెంటు కూడా కాదు. "ఈ తేదీ వరకు" అని, "తుది తనిఖీకి లోబడి" అని రాసిన ఉత్తరం అసలే కాదు, ఎందుకంటే రేపు ఇంకో బిల్లు పంపడానికి తలుపు తీసి ఉంచినట్టే అది. మీరే ముసాయిదా రాసి మెయిల్ చేస్తే పని త్వరగా అవుతుంది. ఇంగ్లీషులో పంపాల్సి వచ్చినా సారాంశం ఇది:

"ఫలానా నంబరు లీజు ఒప్పందం ఫలానా తేదీన ఉభయుల అంగీకారంతో ముగిసింది. ఫలానా రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ నంబర్ల బండిని మేము స్వాధీనం చేసుకున్నాము. ఈ ఒప్పందం కింద బాడుగ, జీఎస్టీ, ఫీజులు, ఆలస్య రుసుము, మరమ్మతులు సహా లీజుదారు నుంచిగానీ హామీదారు నుంచిగానీ మాకు రావాల్సిన బాకీ ఏదీ లేదు. డిపాజిట్ లెక్క పూర్తయింది. సెక్యూరిటీ చెక్కులు తిరిగి ఇచ్చాము. బ్యాంకు మాండేట్ రద్దు చేశాము."

హామీదారు మాట తప్పకుండా ఉండాలి. మన ఊళ్లలో హామీ సంతకం పెట్టేది బావమరిదో, చిన్నాన్నో. వాళ్లను వదిలేసి మీ ఒక్కరికే కాగితం తీసుకుంటే రేపు వాళ్ల లోను దగ్గర ఇది అడ్డం వస్తుంది. చెక్కులు ఎన్ని ఇచ్చారో నంబర్లతో అడగండి. పోయాయంటే, పోయాయని రాసివ్వమని అడిగి, ఆ నంబర్లకు బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టండి. మాండేట్ కంపెనీ రద్దు చేస్తుందని కూర్చోకుండా మీ బ్యాంకులోనూ రాతలో రద్దు చేయించండి. ముగిసిన లీజుకు మర్నెల బాడుగ కోసుకుపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇంకో మాట. కంపెనీ "సెటిల్‌మెంట్ లెటర్" ఇస్తానంటే వద్దనండి. బకాయి మాఫీ చేసుకున్నవాళ్లకు వాడే మాట అది. మీరు ఒప్పందం ప్రకారం పూర్తిగా కట్టి ముగించారు కాబట్టి క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" కాకుండా "క్లోజ్డ్" అని పడాలి.

జవాబు రాకపోతే

మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. కంపెనీ ఆర్‌బీఐ కింద ఉన్న బ్యాంకో, ఎన్‌బీఎఫ్‌సీయో అయ్యుండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. చిన్న ఎన్‌బీఎఫ్‌సీలు కొన్ని ఈ పథకం కిందకు రావు. యంత్రాలు బాడుగకిచ్చే మామూలు కంపెనీ అయితే ఈ దారే లేదు. అప్పుడు లాయరు నోటీసు, లేదా కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ. వినియోగదారుల కమిషన్ వ్యాపార అవసరాలకు తీసుకున్న సేవను వినదు. అయితే సొంత జీవనోపాధికి ఒక్క బండి పెట్టుకుని తానే నడుపుకునే మనిషికి మినహాయింపు ఉంది, లాయరుతో ఆ సంగతి ముందే చెప్పండి.

నో డ్యూస్ వచ్చిన నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. ప్రతి బ్యూరో ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. లీజు ఇంకా నడుస్తున్నట్టు కనిపిస్తే నో డ్యూస్ కాపీ జతచేసి బ్యూరోకే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. దాంతో పాటు parivahan.gov.in లో బండి నంబరు కొట్టి, యజమాని పేరు మారిందో లేదో కూడా అదే రోజు చూసేయండి.